మావారికి నోటి పూత, ఆడపడుచుకి పెదవి మీద పొక్కులు. ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఏది అంటుకుంటుంది?

సుధ_కాకినాడ

అందరికీ నమస్కారం. మావారికి ఏళ్ళ తరబడి నోరు పూస్తూ ఉంటుంది. నెలలో ఒకసారైనా తప్పదు. కింది పెదవి లోపలో, బుగ్గ లోపలో, నాలుక కిందో తెల్లగా గుంట పడి చుట్టూ ఎర్రగా అవుతుంది. పులుపు, కారం తగిలితే విలవిల్లాడిపోతారు. వారం పదిరోజుల్లో దానంతట అదే మానుతుంది, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు సమస్య ఏమిటంటే మాకు పాప పుట్టింది. ఇంకా నెల నిండలేదు. అత్తయ్యగారు ఆయన కంచం, గ్లాసు, తువ్వాలు అన్నీ వేరు చేశారు. పాపని ఎత్తుకోనివ్వడం లేదు. "ఎంగిలి తగిలితే బిడ్డకి నోరు పూస్తుంది, పాలు తాగలేదు" అంటున్నారు. ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోతున్నారు. నాకు చాలా బాధగా ఉంది, అలాగని ధైర్యం చేసి ఇవ్వడానికీ భయమే.

మా ఆడపడుచు కూడా బారసాలకి వచ్చి ఇక్కడే ఉంది. ప్రయాణంలో జ్వరం తగిలి తనకీ మూతి పేలింది, కానీ అది పైపైన పొక్కులే, నోరు బాగానే ఉంది. పాపని ఎక్కువగా తనే చూసుకుంటోంది. నోటి పూత నిజంగా అంటుకుంటుందా? దీనికి శాశ్వతమైన మందు ఏమైనా ఉందా?

పెరటి_వైద్యం

అమ్మాయ్, అదంతా ఒంట్లో వేడి. రాత్రిళ్ళు మేలుకోవడం, టీలు ఎక్కువ తాగడం. సబ్జా గింజల నీళ్ళు, మజ్జిగ బాగా ఇయ్యి. వెలిగారం పొంగించి తేనెలో కలిపి రాస్తే రెండు రోజుల్లో మాడిపోతుంది. పాపకి కూడా ముందుజాగ్రత్తగా నాలుక మీద రవ్వంత రాయొచ్చు, మా పిల్లలందరికీ రాసిందాన్నే. అంటుకోవడం అంటావా, మా ఇంట్లో మా ఆయనకి, ఇద్దరు కొడుకులకి ఉంది. అంటకపోతే ముగ్గురికీ ఎలా వస్తుంది? మీ అత్తగారు చేసింది సబబే.

పంటి_డాక్టరమ్మ

సుధ గారూ, నేను దంతవైద్యురాలిని. మిగతావన్నీ తరవాత మాట్లాడుకుందాం, ముందు ఈ రెండు పనులు ఇప్పుడే చేయండి.

మొదటిది, మీ ఆడపడుచు పొక్కులు పూర్తిగా ఎండి, పక్కు రాలి, కింద కొత్త చర్మం వచ్చేదాకా పాపని ముద్దు పెట్టుకోకూడదు. వీలైతే అసలు ఎత్తుకోకుండా ఉంటే ఇంకా మంచిది. తప్పనిసరైతే సబ్బుతో చేతులు కడుక్కుని, మూతికి మాస్కు కట్టుకుని ఎత్తుకోవాలి. జ్వరం తరవాత పెదవి అంచున గుత్తిగా నీటిపొక్కులు వచ్చాయంటే అది దాదాపుగా హెర్పిస్ వైరస్. అది అంటుకుంటుంది. పెద్దవాళ్ళకి చిన్న ఇబ్బందే గానీ, నెల నిండని బిడ్డకి ప్రాణం మీదికి తేగలదు.

రెండోది, పాపకి తేనె గానీ వెలిగారం గానీ నాలుకకి తాకించవద్దు. ఏడాది లోపు బిడ్డలకి తేనె పనికిరాదు, అందులో ఉండే ఒక రకం బాక్టీరియా వాళ్ళ పేగుల్లో పెరిగి విషం తయారు చేస్తుంది. వెలిగారం అంటే బోరాక్స్. పసిపిల్లలకి అది ఒంట్లో చేరితే ఫిట్స్ రావచ్చు.

మీవారి నోటి పూత మీరు చెప్పిన తీరు చూస్తే అంటుకునేది కాదు. ఆయన చేతికి బిడ్డని ఇవ్వండి.

కొన్ని ప్రశ్నలు. ఆడపడుచు ఇప్పటికే పాపని ముద్దు పెట్టుకుందా? పాప పాలు మామూలుగా తాగుతోందా? మీకు ఎప్పుడైనా ఇలా పెదవి పేలిందా? మీవారి పుండు ప్రతిసారీ ఒకే చోట వస్తుందా, చోటు మారుతుందా? ఆయన శాకాహారా? రోజూ వేసుకునే మాత్రలు ఏమైనా ఉన్నాయా?

సుధ_కాకినాడ

డాక్టరు గారూ, చదివి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బుగ్గ మీద, నుదుటి మీద ముద్దులు పెట్టింది. వచ్చిన మర్నాడే పొక్కులు లేచాయి, అప్పటికి పెదవి చురచురమంటోందని అనుకుంటూనే ఉంది. పాప పాలు బాగానే తాగుతోంది, జ్వరం లేదు. నాకు చిన్నప్పటి నుంచీ జలుబు చేసినప్పుడల్లా మూతి పేలుతుంది, పోయిన ఏడాది కూడా వచ్చింది.

మావారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. గ్యాస్‌కి పరగడుపున పాంటోప్రజోల్ మాత్ర చాలా ఏళ్ళుగా వేసుకుంటున్నారు. పుండ్లు చోటు మారుతూనే ఉంటాయి. కానీ ఎడమ బుగ్గ లోపల వెనక దంతం దగ్గర ఒకటి మాత్రం మళ్ళీ మళ్ళీ అక్కడే వస్తుంది.

పంటి_డాక్టరమ్మ

కంగారు పడకండి. మీకు పాత హెర్పిస్ ఉండటం ఈ విషయంలో మేలే. మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలు గర్భంలోనే పాపకి కొంత చేరి ఉంటాయి, కొంత కాపు కాస్తాయి. పూర్తిగా కాదు. అందుకే రేపు పొద్దున్నే పిల్లల డాక్టరుకి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పండి. "పెదవి మీద పొక్కులున్న మనిషి ముద్దు పెట్టుకుంది" అనే మాట తప్పకుండా చెప్పాలి, లేకపోతే వాళ్ళకి ఆ ఆలోచనే రాకపోవచ్చు.

సాధారణంగా వైరస్ తగిలిన రెండు రోజుల నుంచి పన్నెండు రోజుల లోపు లక్షణాలు కనిపిస్తాయి, పసికందుల్లో ఇంకొంచెం ఆలస్యం కూడా కావచ్చు. పాలు తాగడం తగ్గినా, మగతగా పడుకుని లేవకపోయినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా, ఎక్కడైనా ఒక్క నీటిపొక్కు కనబడినా రాత్రి పగలు చూడకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. పసికందుల్లో జ్వరం లేకుండా కూడా రావచ్చు, పొక్కులు లేకుండా కూడా రావచ్చు. తొందరగా అసైక్లోవిర్ సెలైన్ ద్వారా ఇస్తే కాపాడే అవకాశాలు చాలా పెరుగుతాయి.

ఇక ఈ రెండింటికీ తేడా. నేను క్లినిక్‌లో మొదట చూసేది చోటు. నోటి పూత కదిలే మెత్తని చర్మం మీద వస్తుంది: పెదవి లోపలివైపు, బుగ్గ లోపల, నాలుక కింద, నాలుక పక్కల. హెర్పిస్ తిరగబెట్టినప్పుడు పెదవి బయట, ఎర్రటి భాగమూ మామూలు చర్మమూ కలిసే అంచున వస్తుంది. ఎప్పుడైనా నోటి లోపల తిరగబెడితే ఎముకకి గట్టిగా అతుక్కుని ఉండే చోట, అంటే అంగిలి ముందు భాగంలోనో పంటి చుట్టూ చిగురు మీదో చిన్న చిన్న చుక్కల గుంపుగా కనబడుతుంది.

రెండోది మొదలైన తీరు. నోటి పూతకి నీటిపొక్కు దశ ఉండదు. కాస్త మంటగా అనిపించి, నేరుగా గుండ్రని పుండు పడుతుంది. మధ్యలో తెల్లగానో పసుప్పచ్చగానో పొర, చుట్టూ ఎర్రని అంచు. హెర్పిస్‌కి ముందు కొన్ని గంటల పాటు, ఒక్కోసారి రోజంతా, పెదవి చురచురమంటుంది, దురద పెడుతుంది. తరవాత నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి, చితికి రసి కారతాయి, పక్కు కడతాయి. మీ ఆడపడుచు చురచుర అన్నదే, అప్పటికే వైరస్ బయటపడుతున్న దశ. పొక్కు కనబడలేదు కదా అని ముద్దు పెట్టుకుంటారు, కానీ అప్పుడు కూడా అంటుకుంటుంది.

నోటి పూతలో ఏ క్రిమీ లేదు. మన రోగనిరోధక కణాలే లోపలి చర్మం మీద దాడి చేయడం వల్ల పుండు పడుతుంది. అందువల్ల ఎంగిలి కలిసినా, ముద్దు పెట్టుకున్నా, ఒకే గ్లాసులో తాగినా అంటదు. మీ ఇంట్లో ఒకరిని వేరుగా పెట్టాలనుకుంటే అది మీవారిని కాదు.

సెకండియర్_సాయి

మేడం, హెర్పిస్ అంటే ఆ జబ్బు కదా? మరి వాళ్ళ ఆడపడుచు గురించి ఇలా బయట రాయొచ్చా? నాకు కూడా ఎగ్జామ్స్ టైంలో పెదవి మీద ఇవే వస్తాయి. హాస్టల్లో అందరం ఒకే బాటిల్ ఎత్తి తాగుతాం. నేను ఎవరితోనూ ఎలాంటి తప్పూ చేయలేదు. గూగుల్‌లో చూసి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెప్పుకోలేను.

పంటి_డాక్టరమ్మ

సాయీ, నీకు ఇది ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లో ఎవరో ప్రేమగా ముద్దు పెట్టుకున్నప్పుడు వచ్చి ఉంటుంది. పెదవి మీద వచ్చేది సాధారణంగా హెర్పిస్ ఒకటో రకం. ప్రపంచంలో యాభై ఏళ్ళ లోపు వాళ్ళలో మూడింట రెండొంతుల మందికి అటూ ఇటూగా ఈ వైరస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి ఒక్కసారి కూడా పొక్కు రాదు, ఉన్నట్టే తెలియదు. ఇందులో తప్పు చేసినవాళ్ళు ఎవరూ లేరు. సుధ గారి ఆడపడుచు కూడా ఏ తప్పూ చేయలేదు.

ఒకసారి వచ్చాక వైరస్ ముఖానికి వెళ్ళే నరం మొదట్లో, చెవి ముందు భాగానికి లోపలగా ఉండే నరాల ముడిలో నిద్రపోతుంది. జ్వరం, ఎండ, నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి, ఆడవాళ్ళలో నెలసరి, పంటి వైద్యంలో పెదవి లాగడం, వీటిలో ఏదో ఒకటి దాన్ని లేపుతుంది. నరం వెంటే దిగి ప్రతిసారీ దాదాపు అదే చోట పొక్కుతుంది.

పొక్కులున్నప్పుడు నీ బాటిల్, తువ్వాలు, లిప్‌బామ్, రేజర్ వేరుగా ఉంచుకో. పొక్కుని ముట్టుకుని కన్ను నలపకు, కంటి నల్లగుడ్డుకి పాకితే చూపుకే ప్రమాదం. ఒక్క మాట గుర్తుపెట్టుకో. పొక్కులు ఉండగా ముద్దు పెట్టుకున్నా, నోటితో సంభోగం చేసినా అవతలివాళ్ళకి పాకుతుంది, కింద కూడా రావచ్చు. పొక్కులు లేనప్పుడు కూడా అప్పుడప్పుడూ ఎంగిలిలో వైరస్ ఉంటుంది, కాకపోతే చాలా తక్కువ.

డల్లాస్_వేణు

నాదీ ఇదే కేసు, కాకపోతే నాకు ఎండ వల్ల వస్తుంది. ఎండాకాలంలో పడవ మీద గడిపితే ఖాయంగా పెదవి కుడిపక్కన లేచేది. ఇక్కడ డాక్టరు వాలసైక్లోవిర్ మాత్రలు ముందే రాసి ఇచ్చారు. చురచుర మొదలైన వెంటనే రెండు గ్రాములు, పన్నెండు గంటలకి ఇంకో రెండు గ్రాములు, అంతే, ఒక్క రోజు కోర్సు. చురచుర దశలోనే పడితే కొన్నిసార్లు పొక్కే లేవదు. పొక్కు లేచాక వేసుకుంటే పెద్ద తేడా కనిపించదు. పెదవికి ఎస్‌పీఎఫ్ 30 ఉన్న బామ్ రాయడం మొదలుపెట్టాక రావడమే బాగా తగ్గింది.

నాకు ఇక్కడ చాలామంది లైసిన్ మాత్రలు వేసుకోమని చెప్పారు. వాడాను, తేడా తెలియలేదు. ఎవరికైనా పనిచేసిందా?

మందులషాపు_బాషా

ఫార్మసీ నడుపుతున్నాను, ఈ రెండూ కలిపేసి అడిగేవాళ్ళని రోజూ చూస్తాను. "నోటి పుండుకి ఏదైనా ఇవ్వన్నా" అంటారు. నేను మొదట అడిగేది "పెదవి లోపలా, బయటా?" అనే. ఎందుకంటే ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు, ఒక్కోసారి చెడగొడుతుంది.

లోపలి నోటి పూతకి మేము ఎక్కువగా ఇచ్చేది ట్రయామ్సినోలోన్ పేస్టు. అది స్టెరాయిడ్. దాన్నే పెదవి బయటి పొక్కులకి రాస్తే అక్కడ రోగనిరోధకశక్తి తగ్గి వైరస్ ఇంకా చెలరేగుతుంది. అలాగే అసైక్లోవిర్ క్రీము నోటి పూతకి రాస్తే ఉపయోగం సున్నా, డబ్బు దండగ. చాలామంది అమాక్సిసిలిన్ కూడా అడుగుతారు. ఈ రెండింటిలో దేనికీ యాంటీబయాటిక్ అవసరం లేదు.

ఇంకొకటి, ఆ పేస్టు రాసే పద్ధతి తెలియక "పనిచేయలేదు" అంటారు. భోజనం అయ్యాక నోరు పుక్కిలించి, పుండు మీద తడి లేకుండా శుభ్రమైన గుడ్డతోనో దూదితోనో అద్దాలి. చిన్న బఠాణీగింజలో సగమంత పేస్టు వేలి కొస మీద తీసుకుని పుండు మీద అద్ది వదిలేయాలి. రుద్దకూడదు. రుద్దితే ఇసుకలా పొడిపొడిగా ఊడిపోతుంది. సరిగ్గా అద్దితే నున్నటి పొరలా అంటుకుని ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరిగా రాయాలి, ఎందుకంటే నిద్రలో లాలాజలం తక్కువ, మందు ఎక్కువసేపు నిలుస్తుంది. పుండు మొదలైన రోజే రాస్తే బాగా పనిచేస్తుంది, ముదిరాక రాస్తే అంతంతమాత్రం.

నొప్పికి రాసే జెల్లుల్లో చాలావాటిలో కోలీన్ సాలిసిలేట్ ఉంటుంది. అది ఆస్పిరిన్ జాతిది. పదహారేళ్ళ లోపు పిల్లలకి రాయొద్దు.

పెరటి_వైద్యం

బాషా, నువ్వు చెప్పింది బాగుంది. కానీ డాక్టరమ్మా, నా ప్రశ్నకి జవాబు రాలేదు. అంటనిది మా ముగ్గురికీ ఎలా వచ్చింది? ఇక వెలిగారం మా అమ్మ, అమ్మమ్మ కాలం నుంచి వాడుతున్నదే. ఎవరికీ ఏమీ కాలేదు. రాయగానే మంట తగ్గేది కూడా.

పంటి_డాక్టరమ్మ

పిన్ని గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఈ తత్వం వంశంలో వస్తుంది. తండ్రికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఇంట్లో ముగ్గురికి కనిపిస్తుంది. అంటువ్యాధే అయితే మీకూ రావాలి కదా? ఒకే వంట తిని, ఒకే ఇంట్లో ఉండి, మీకు రాలేదు. కోడళ్ళకీ వచ్చి ఉండదని అనుకుంటున్నాను.

వెలిగారం పెద్దవాళ్ళకి పుండు మీద రవ్వంత రాస్తే ఏమీ కాకపోవచ్చు. చిక్కు ఎక్కడంటే, పుండు ఏ మందూ లేకుండా వారం, రెండు వారాల్లో మానుతుంది. నాలుగో రోజు తరవాత ఏది రాసినా ఆ రాసినదే మాన్పినట్టు కనిపిస్తుంది. పసిపిల్లల విషయంలో మాత్రం నేను ఒప్పుకోలేను. వాళ్ళ కిడ్నీలు వెలిగారంలోని బోరాన్‌ని త్వరగా బయటికి పంపలేవు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో తేనె, బోరాక్స్ కలిపి పాలపీకకి రాసి ఇచ్చేవాళ్ళు. పిల్లలకి ఫిట్స్ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మజ్జిగ, సబ్జా నీళ్ళు చక్కగా ఇవ్వండి. చల్లనివి తాగితే మంట తగ్గి, తిండి లోపలికి వెళుతుంది.

పెరటి_వైద్యం

కోడళ్ళకి రాలేదు, అది నిజమే. పసిబిడ్డకి వద్దన్నావు, సరే. పెద్దవాళ్ళకి మాత్రం నేను రాస్తాను.

శ్రీను_వరంగల్

నాకు మొన్నటిదాకా జీవితంలో నోటి పూత ఎరగను. సిగరెట్ మానేసిన దగ్గర నుంచి వరసగా వస్తున్నాయి. మా ఫ్రెండ్స్ "సిగరెట్ కాల్చు, తగ్గిపోతుంది" అంటున్నారు. నిజం చెప్పాలంటే ఒకసారి కాల్చి చూశాక తగ్గినట్టే అనిపించింది. ఇదేం విచిత్రం?

పంటి_డాక్టరమ్మ

శ్రీను గారూ, ఇది మేము చూసేదే. పొగ వల్ల నోటి లోపలి చర్మం మందంగా, గట్టిగా తయారవుతుంది. మానేశాక అది మళ్ళీ పలచబడుతుంది, అప్పుడు పుండ్లు పడతాయి. కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఉండి తగ్గుతుంది. ఆ మధ్యకాలం దాటడానికి బాషా గారు చెప్పిన పేస్టు వాడండి. మళ్ళీ అంటించుకోవద్దు. పుండు మానుతుంది, క్యాన్సర్ మానదు.

మీకు ప్రత్యేకంగా చెప్పేదేమిటంటే, పొగ, గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవాళ్ళు, ఉండి మానేసినవాళ్ళు, మూడు వారాలు దాటినా మానని పుండుని నోటి పూత అనుకోకూడదు. నోటి పూత చురుక్కుమని నొప్పి పెడుతుంది. నొప్పి లేకుండా, అంచులు గట్టిగా, వేలికి గరుకుగా తగిలే పుండు అయితే వెంటనే చూపించాలి, ముక్క తీసి పరీక్ష చేస్తారు. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళలో చాలామంది అప్పటికే నెలల పాటు బి కాంప్లెక్స్ మింగి వస్తారు.

కెమిస్ట్రీ_మాస్టారు

బి కాంప్లెక్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇదంతా విటమిన్ లోపమే. పెదవి మూలలు పగిలి, నాలుక ఎర్రబడి, నోరు పూస్తే రైబోఫ్లేవిన్ లోపమని మా పాఠాల్లోనే ఉంది. రోజుకో బి కాంప్లెక్స్ గొట్టం మాత్ర, దానితో ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే సరిపోతుంది. ఇంతమంది డాక్టర్లు, పరీక్షలు అక్కర్లేదు. అలాగే టూత్‌పేస్టు మార్చండి. నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ నోటి పొరని ఒలిచేస్తుంది. అదే అసలు కారణం.

పంటి_డాక్టరమ్మ

మాస్టారూ, మూలలు పగలడం వేరే సమస్య. దానికి రైబోఫ్లేవిన్, ఐరన్ లోపాలు, ఫంగస్, సరిగ్గా అమరని కట్టుడు పళ్ళు, ఇలా చాలా కారణాలు ఉంటాయి. గుండ్రని నోటి పూతలో మేము ముఖ్యంగా చూసేది బి12, ఫోలేట్, ఐరన్. కొందరిలో లోపం దొరుకుతుంది, చాలామందిలో అన్నీ మామూలుగానే ఉంటాయి.

పరీక్ష అక్కర్లేదన్నారు, అక్కడ నేను గట్టిగా కాదంటాను. బి12 లోపం ఉన్న మనిషికి ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల్లోపల పాడవుతూనే ఉంటాయి. కాళ్ళ తిమ్మిర్లు వచ్చాక గానీ బయటపడదు. పైగా మాత్రలు మొదలెట్టాక రక్తం ఇస్తే అసలు లోపం ఉందో లేదో తెలియదు. కాబట్టి ముందు రక్తం, తరవాత మాత్ర.

డల్లాస్_వేణు

టూత్‌పేస్టు విషయంలో మాస్టారు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయలేం. మా ఆవిడకి నోటి పూత ఉండేది, ఆ సల్ఫేట్ లేని పేస్టుకి మారాక బాగా తగ్గింది.

మందులషాపు_బాషా

నా దగ్గర అదే పేస్టు కొని వాడి, ఏ తేడా లేదని తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

పంటి_డాక్టరమ్మ

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పరిశోధనల్లో కూడా కొన్నిటిలో తగ్గింది, కొన్నిటిలో తేడా లేదు. ఖర్చు తక్కువ, నష్టం లేదు కాబట్టి రెండు మూడు నెలలు మార్చి చూడమని చెబుతాను. ఆ నెలల్లో ఇంకేదీ మార్చకూడదు, అప్పుడే దేనివల్ల తగ్గిందో తెలుస్తుంది. వేణు గారూ, లైసిన్ సంగతి కూడా అంతే. గట్టి ఆధారం లేదు, నేను రాయను.

సుధ_కాకినాడ

అందరికీ కృతజ్ఞతలు. ముందు పాప సంగతి. పిల్లల డాక్టరు గారు ఒళ్ళంతా, కళ్ళూ నోరూ చూసి ఇప్పటికి ఏ గుర్తూ లేదన్నారు. నాకు పాతగా ఉందని చెబితే అది మంచిదే అన్నారు. ఏవి కనబడితే పరిగెత్తాలో డాక్టరమ్మ గారు రాసినవే చెప్పారు. మళ్ళీ రమ్మన్నప్పుడు వెళ్ళాం. ఆ ప్రమాదపు రోజులు గడిచాయి, పాప హాయిగా ఉంది.

మా ఆడపడుచుకి ఈ చర్చ చదివి వినిపించాను. చాలా ఏడ్చింది. తన తప్పేమీ లేదని సాయికి రాసిన జవాబు రెండుసార్లు చదివించుకుంది. పక్కు పూర్తిగా రాలేదాకా పాప బట్టలు ఉతకడం, నాకు వండి పెట్టడం చేసింది గానీ దగ్గరికి రాలేదు. అత్తయ్యగారు మొదట నమ్మలేదు. పిల్లల డాక్టరు గారు "తండ్రి ఎత్తుకోవచ్చు" అని ఆవిడ ఎదురుగానే చెప్పాక ఒప్పుకున్నారు. కంచం మాత్రం ఇంకా వేరుగానే ఉంది.

ఇక మావారి రిపోర్టులు. హిమోగ్లోబిన్ 12.1, ఎంసీవీ 103, బి12 128, ఫెరిటిన్ 46, ఫోలేట్ మామూలే. షుగర్ లేదు. ఎడమ బుగ్గ దగ్గర పుండు గురించి ఇక్కడి పంటి డాక్టరు చూసి, వెనక దంతానికి చిన్న ముక్క విరిగి అంచు కత్తిలా ఉందన్నారు. అరగదీసి నున్నగా చేశారు. దీని అర్థం ఏమిటి? బి12 సరిచేస్తే ఇక ఎప్పటికీ రాదా?

పంటి_డాక్టరమ్మ

పాప బాగుందని చదివి ప్రాణం కుదుటపడింది.

మీవారివి నిజానికి రెండు వేరు వేరు పుండ్లు. ఎడమ బుగ్గది నోటి పూత కాదు, పంటి ముక్క గీరుకోవడం వల్ల పడ్డ గాయం. మళ్ళీ మళ్ళీ ఒకేచోట వచ్చేదాన్ని చూస్తే మొదట అదే అనుమానించాలి. అంచు నున్నగా చేశారు కాబట్టి రెండు వారాల్లో మానాలి. మానకపోతే మళ్ళీ చూపించండి, వదిలేయొద్దు.

చోటు మారుతూ వచ్చేవి అసలైన నోటి పూత. చాలా ల్యాబుల్లో బి12 రెండు వందల లోపు ఉంటే లోపం అంటారు, ఆయనది 128. ఎంసీవీ వంద దాటిందంటే ఎర్ర రక్తకణాలు మామూలుకన్నా పెద్దవయ్యాయి, అది కూడా బి12 వైపే చూపిస్తోంది. హిమోగ్లోబిన్ కూడా మగవాళ్ళకి ఉండాల్సిన దానికన్నా కాస్త తక్కువే. కారణాలు ఎదురుగానే ఉన్నాయి. బి12 మాంసం, గుడ్లు, పాలల్లోనే దొరుకుతుంది. శాకాహారికి మిగిలింది పాలూ పెరుగే. దానికితోడు ఏళ్ళ తరబడి పాంటోప్రజోల్. కడుపులో ఆమ్లం తగ్గితే ఆహారంలోని బి12 విడివడి ఒంటికి పట్టడం కూడా తగ్గుతుంది. ఆ మాత్ర ఇంకా అవసరమా అని రాసిన డాక్టరునే అడగండి. సొంతంగా ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై తిరగబెడుతుంది.

ఎప్పటికీ రాదా అంటే ఆ మాట ఇవ్వలేను. లోపం సరిచేస్తే కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది, కొందరిలో నెలకోసారి వచ్చేది మూడు నెలలకోసారి అవుతుంది, కొందరిలో అసలు మారదు. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. ఇంజెక్షన్లో మాత్రలో ఫిజీషియన్ నిర్ణయిస్తారు. మధ్యలో పుండు వస్తే పేస్టు, మంట ఎక్కువైతే తినే ముందు బెంజిడమిన్ పుక్కిలి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి కూడా ఇస్తాం గానీ వారాల తరబడి వాడితే పళ్ళకి గోధుమరంగు పడుతుంది, పళ్ళు తోమాక అరగంట ఆగి వాడాలి.

ఇంకా అడగాల్సినవి రెండున్నాయి. ఆయనకి తరచూ విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం ఉన్నాయా? మర్మావయవాల మీద పుండ్లు గానీ, కళ్ళు ఎర్రబడి నొప్పి పెట్టడం గానీ ఎప్పుడైనా జరిగిందా? పేగుల జబ్బులూ, బెహ్‌చెట్ అనే జబ్బూ ఇలా నోటి పూతతోనే మొదట బయటపడతాయి. సిగ్గుపడి దాచేది ఎక్కువగా రెండో ప్రశ్నకే, కాబట్టి మీరే మెల్లగా అడగండి.

సుధ_కాకినాడ

అడిగాను, అవేమీ లేవన్నారు. విరేచనాలు అప్పుడప్పుడూ అవుతాయి గానీ బరువు తగ్గలేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

పంటి_డాక్టరమ్మ

విరేచనాల సంగతి ఫిజీషియన్‌కి తప్పకుండా చెప్పండి. గోధుమలు తింటే ఎక్కువవుతున్నాయేమో కూడా గమనించమనండి, కానీ పరీక్ష చేయించేదాకా చపాతీలు మానొద్దు. మానేశాక చేస్తే, గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్నా పరీక్షలో దొరకదు.

సెకండియర్_సాయి

మేడం, నాకు సంవత్సరంలో చాలాసార్లే వస్తుంది. వేణు అన్న చెప్పిన మాత్ర మెడికల్ షాపులో నేనే కొనుక్కోవచ్చా?

మందులషాపు_బాషా

తమ్ముడూ, చీటీ లేకుండా ఎవరైనా ఇచ్చినా తీసుకోకు. కిడ్నీ పనితీరుని బట్టి మోతాదు మారుతుంది, నీళ్ళు తక్కువ తాగితే కూడా ఇబ్బందే. చర్మవ్యాధుల డాక్టరుని ఒక్కసారి కలిస్తే వేణు గారి లాగే ముందే రాసి ఇస్తారు, దగ్గర పెట్టుకోవచ్చు. ఏడాదికి ఆరుసార్లు దాటి వస్తుంటే రోజూ వేసుకునే చిన్న మోతాదు కూడా ఉంటుంది, అది అవసరమో కాదో వాళ్ళే చెబుతారు. ఐదు శాతం అసైక్లోవిర్ క్రీము కూడా ఉంది, రోజుకి ఐదుసార్లు రాయాలి. పొక్కు లేవకముందే మొదలుపెడితే ఒక పూటో ఒక రోజో ముందు మానుతుంది, అంతకుమించి ఆశ పెట్టుకోకు. రాసేటప్పుడు వేలితో కాకుండా దూదిపుల్లతో రాయి, రాశాక చేతులు కడుక్కో.